మామకు పంపే సందేశంలో ఉండాల్సిన లెక్క

ఊళ్లో ఉన్న మేనల్లుడు గల్ఫ్‌లోని మేనమామకు వాట్సాప్‌లో ఒక సందేశం పంపుతాడు. తనకున్న భూమి, నేర్చిన పని, దాచిన డబ్బు చెప్పి, ఏ పని మొదలుపెడితే బాగుంటుందని అడుగుతాడు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో చాలా కుటుంబాలకు గల్ఫ్‌లో ఒక మనిషి ఉంటాడు కాబట్టి ఇలాంటి అడగడం అక్కడ మామూలే. అయితే చాలా సందేశాలు ఇంత పొట్టిగా ఉంటాయి: "మామా, రెండెకరాలుంది, మూడు లక్షల దాకా ఉన్నయి, ఏం బిజినెస్ పెట్టమంటవు?" దీనికి మామ ఇవ్వగలిగిన జవాబు ఊహ మాత్రమే. బర్రెలు పెట్టమన్నా, కోళ్లఫారం పెట్టమన్నా, ఆ మాట వెనుక ఊరి లెక్క ఉండదు. ఉపయోగపడే సందేశం ఎలా తయారవుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఇందులోని ధరలు లెక్క కోసం తీసుకున్నవి. ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవాలి.

జగిత్యాల జిల్లాలో ఇరవై నాలుగేళ్ల యువకుడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, పట్నంలోని ఒక మోటారు వైండింగ్ షాపులో మూడేళ్లు పనిచేశాడు. ఇంటికి రెండెకరాల పది గుంటల భూమి, ఒక బోరు ఉన్నాయి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అమ్మ ఆరోగ్యంగా ఉంది. బ్యాంకులో 2,80,000 రూపాయలున్నాయి. అతని మనసులో మూడు ఆలోచనలున్నాయి: పాడి, బాయిలర్ కోళ్ల షెడ్డు, సొంత వైండింగ్ షాపు.

భూమి కాదు, ఏప్రిల్ నీళ్లు

భూమి గురించి రాసేటప్పుడు ఎకరాల కంటే ముందు చెప్పాల్సింది ఏప్రిల్‌లో బోరు ఎంతసేపు పోస్తుందన్నది. వానాకాలంలో రెండెకరాలూ తడిపే బోరు ఎండాకాలంలో గంటసేపు పోసి గ్యాప్ ఇవ్వవచ్చు. నీళ్లు మళ్లీ ఊరేదాకా మోటారు ఆపాల్సి వస్తుంది. అప్పుడు ఆ భూమి నిజానికి ముప్పై, నలభై గుంటల భూమే. పచ్చిమేత అయినా, పందిరి కూరగాయలైనా ఆ ముప్పై గుంటల మీదే లెక్క వేయాలి. ఒక్క బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి రాసుకుంటే మామకు పంపడానికి ఖచ్చితమైన సంగతి దొరుకుతుంది. కాగితం కూడా చెప్పాలి. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, పంట రుణం ఎంత ఉంది అన్నవి తెలియకపోతే ఆ భూమి మీద బ్యాంకు రుణం వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

పొదుపులో పెట్టుబడికి మిగిలేది

బ్యాంకులో ఉన్న డబ్బంతా పెట్టుబడి కాదు. ఈ ఉదాహరణలో అమ్మ బంగారం మీద 60,000 రూపాయల అప్పుంది. కొత్త పని డబ్బు ఇచ్చేదాకా ఇల్లు గడవడానికి నాలుగు నెలలకు 40,000 పక్కన పెట్టాలి. ఈ రెండూ తీసేస్తే మిగిలేది 1,80,000. మూడు ఆలోచనలనూ ఈ అంకెతోనే కొలవాలి.

కోళ్ల షెడ్డు ఇక్కడే ఆగిపోతుంది. కంపెనీతో ఒప్పందం మీద బాయిలర్లు పెంచితే పిల్లలు, దాణా, మందులు కంపెనీ ఇస్తుంది. రైతుకు కిలోకు ఇంత అని పెంపకం కూలి వస్తుంది. కానీ షెడ్డు రైతే కట్టాలి. ఒక్కో కోడికి సుమారు ఒక చదరపు అడుగు చొప్పున, ఐదువేల కోళ్లకు ఐదువేల చదరపు అడుగులకు తక్కువ కాకుండా కావాలి. అడుగుకు 200 రూపాయలనుకున్నా పది లక్షలు దాటుతుంది. పైగా బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య కంపెనీ ఆలస్యం చేస్తే షెడ్డు ఖాళీగా ఉంటుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

పాడి: సగటు పాలతో వేసే లెక్క

పాడి విషయంలో ఎక్కువమంది చేసే లెక్క ఇది: గేదె రోజుకు పది లీటర్లు ఇస్తుంది, లీటరు 55 రూపాయలు, నెలకు 16,500. ఈ పది లీటర్లు ఈనిన తర్వాత కొన్ని వారాల పాటు ఇచ్చే గరిష్ఠం. మంచి ముర్రా గేదె కూడా మూడు వందల రోజుల ఈతకాలంలో సగటున ఆరేడు లీటర్లే ఇస్తుంది. ఆ తర్వాత వట్టిపోతుంది. ఒక ఈతకూ మరో ఈతకూ మధ్య పద్నాలుగు నెలలు పట్టినా మంచి గేదె కిందే లెక్క.

రోజుకు ఆరున్నర లీటర్ల చొప్పున మూడు వందల రోజులకు 1,950 లీటర్లు. దూడ తాగేది తీసేస్తే అమ్మేవి 1,800 లీటర్లు, అంటే 99,000 రూపాయలు. గేదె శరీర పోషణకు రోజుకు రెండు కిలోల లోపు దాణా, ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో పెట్టాలి. అంటే పాలిచ్చే రోజుల్లో దాదాపు ఐదు కిలోలు. కిలో 28 రూపాయలైతే మూడు వందల రోజులకు 42,000. వట్టిపోయిన నాలుగు నెలలు రోజుకు రెండు కిలోలు వేసినా 6,700 అవుతుంది. సొంత పొలంలో పెంచిన నేపియర్ మేతకూ వరిగడ్డికీ రోజుకు 25 రూపాయల ఖర్చు వేసుకుంటే 10,500. వైద్యం, బీమా కలిపి 5,000. మొత్తం ఖర్చు 64,200. మిగిలేది 34,800, అంటే నెలకు సుమారు 2,500 రూపాయలు. ఇందులో ఇంటివాళ్ల కూలి లేదు.

ఈ లెక్కను తలకిందులు చేసేది పాల ధర కంటే గేదె ఆలస్యంగా చూడి కట్టడం. ఎండాకాలంలో గేదెలకు మూగ ఎద ఎక్కువ. అరుపు గానీ, బయటికి కనిపించే ఇతర లక్షణాలు గానీ పెద్దగా ఉండవు. తెల్లవారుజామున, చీకటిపడే వేళ తీగలు వేస్తోందేమో చూసేవాళ్లు లేకపోతే ఆ ఎద దాటిపోతుంది, మళ్లీ మూడు వారాలు ఆగాలి. అలా మూడు నెలలు జరిగితే ఆదాయం లేకుండానే మరో 7,300 ఖర్చవుతుంది. నెల మిగులు 1,600కు పడిపోతుంది. కొనేటప్పుడు అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడకుండా వరుసగా మూడు పూటలు దగ్గరుండి పాలు పిండించి చూడటం కూడా ఇందుకే అవసరం. ఒక పూట పిండకుండా ఆపి మరుసటి పూట ఎక్కువ చూపించే అవకాశముంది.

గేదె ధర లక్ష రూపాయలైతే, 1,80,000లో రేకుల పాక పోను వచ్చేది ఒకటే. ఒక్క గేదె ఇంట్లో పాలకూ కొంత రాబడికీ సరిపోతుంది. యువకుడి జీవనాధారం కాదు.

వైండింగ్ షాపు: ఉద్దెరకూ పెట్టుబడి కావాలి

యాసంగి వరి నాట్లు పడ్డాక బోర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. వోల్టేజీ తగ్గడం, ఒక ఫేజు పోవడం, నీళ్లు లేకుండా నడవడం వల్ల మోటార్లు కాలిపోతాయి. పంట ఎండిపోతుంది కాబట్టి రైతు ఒకటి రెండు రోజులు మించి ఆగలేడు. మండల కేంద్రంలో షాపు, చేతిలో పని ఉన్న మనిషికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేతినిండా పని ఉంటుంది.

ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగ్‌కు 5,500 తీసుకుంటే, రాగి తీగ, బుష్‌లు, సీళ్లకు 3,300 పోయి 2,200 మిగులుతుందనుకుందాం. నాలుగు నెలలు నెలకు పదిహేను మోటార్లు, మిగతా ఎనిమిది నెలలు నెలకు నాలుగు చొప్పున వస్తే ఏడాదికి తొంభై రెండు. మిగులు 2,02,400. షాపు కిరాయి, కరెంటు నెలకు 4,500 చొప్పున తీసేస్తే 1,48,400. నెలకు పన్నెండు వేల పైచిలుకు.

వైండింగ్ మిషన్, మెగ్గర్, క్లాంప్ మీటర్, ఇతర పనిముట్లకు 70,000, తీగ నిల్వకు 40,000, షాపు అడ్వాన్సు 10,000. మొత్తం 1,20,000. చేతిలో ఇంకా 60,000 ఉంటుంది. లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది కానీ ఉద్దెర ఇంకా లెక్కలోకి రాలేదు. రైతు చేతికి డబ్బు వచ్చేది వడ్లు అమ్మాక, మే నెలలో. నెలకు పదిహేనులో ఏడు మోటార్లు ఉద్దెర పోయినా, వాటి సామానుకే నెలకు 23,100 చొప్పున నాలుగు నెలల్లో 92,400 బయట చిక్కుకుంటుంది. నగదుగా వచ్చిన మిగులు చేతిలో నిలవదనుకుంటే, ఉన్న 60,000 దాటి 32,400 తక్కువ పడుతుంది. సరిగ్గా పని ముమ్మరంగా ఉన్నప్పుడే తీగ కొనడానికి డబ్బుండదు. చిన్న షాపులు మంచి సీజన్ మధ్యలో మూతపడటానికి ఇదొక కారణం.

రెండో ఇబ్బంది, చుట్టిచ్చిన మోటారు నెల తిరగకుండా మళ్లీ కాలిపోయి రావడం. తప్పు ఎవరిదో వైండింగే చెబుతుంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల చుట్లు నల్లబడి, మూడోది శుభ్రంగా ఉంటే లైన్‌లో ఒక ఫేజు పోయిందని అర్థం. మూడూ ఒకే తీరుగా మాడితే అధిక భారం, తక్కువ వోల్టేజీ, లేదా నీళ్లు లేకుండా నడవడం కారణం కావచ్చు. ఒక్కచోటే, రెండు చుట్ల మధ్య కాలితే తీగ పూత దెబ్బతిన్నదేమో, అంటే షాపు తప్పేమో చూడాలి. మోటారు విప్పగానే రైతు ఎదుటే ఫొటో తీసి చూపించడం, స్టార్టర్ డబ్బాలో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించడం ఈ తగాదాలను తగ్గిస్తాయి.

మామను అడగాల్సింది

ఇంత లెక్క వేశాక ప్రశ్న మారిపోతుంది. దుబాయ్‌లో ఉన్న మామకు మండలంలో ఎన్ని మోటార్లు కాలుతున్నాయో తెలియదు. ఆ సంగతి రెండు మూడు షాపుల దగ్గర, పొలాల దగ్గర అడిగి మేనల్లుడే తెలుసుకోవాలి. లెక్కలో తప్పు పట్టడం, కొద్ది నెలలు డబ్బు సర్దడం మామ చేయగలిగిన పనులు. అప్పుడు సందేశం ఇలా ఉంటుంది:

"మామా, మంచిగున్నవా? రెండెకరాల పది గుంటలల్ల ఏప్రిల్‌ల తడిసేది ముప్పై గుంటలే. అప్పు, ఇంటి ఖర్చు పోను నా దగ్గర లక్షా ఎనభై వేలున్నయి. మండలంల వైండింగ్ షాపు పెడుదామనుకుంటున్న. సామానుకు లక్షా ఇరవై వేలు. ఉద్దెర పోతే ఏప్రిల్‌ల ముప్పై రెండు వేలు తక్కువ పడుతయి. జనవరిల నలభై వేలు ఇస్తే జూన్‌ల తిరిగిస్త. మే ఆఖరుకు ఉద్దెరల సగం కూడ రాకుంటే కొత్త తీగ కొననీకె అప్పు చెయ్య, మళ్ల పాత షాపుల పనికి పోత. ఈ లెక్కల ఏడ తప్పుందో చూసి చెప్పు. బర్రె సంగతి వచ్చే ఏడు బోరు చూసినంక."

ఇక్కడ అడిగిన మొత్తం, నెల, తీర్చే సమయం, ఆపేసే గీత అన్నీ ఉన్నాయి. ఆ డబ్బు అప్పా, బహుమతా, షాపులో వాటానా అన్నది మొదటే రాతలో ఉండాలి. బహుమతి అయితే పన్ను భయం లేదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తల్లి సోదరుడు దగ్గరి బంధువే కాబట్టి, ఆయన ఇచ్చిన బహుమతి తీసుకున్నవారికి పన్ను కట్టాల్సిన ఆదాయం కాదు. బ్యాంకు ద్వారా వస్తే ఆధారం కూడా ఉంటుంది. డబ్బుకు బదులు మామ తన పేరున పొలం కొంటానంటే మాత్రం విదేశీ మారకద్రవ్య నిబంధనలు అడ్డొస్తాయి. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి వారసత్వంగా పొందవచ్చు, మామూలుగా కొనకూడదు. మామ సర్దలేకపోతే ముద్రా పథకంలో 50,000 లోపు శిశు రుణానికి బ్యాంకును అడగవచ్చు. మామకు పంపిన లెక్కనే బ్యాంకు మేనేజరుకూ చూపించవచ్చు.