కుక్కపిల్ల, ఏలికపాము, మనం

కుక్కవల్ల మనిషికొచ్చే జబ్బు అనగానే అందరికీ పిచ్చికుక్క కాటే గుర్తొస్తుంది. అది సహజమే. కాని కరవకుండా, ముద్దుగా ఒళ్ళోకొచ్చి కూర్చునే బుజ్జి కుక్కపిల్లవల్ల వచ్చే జబ్బు కూడా ఒకటుంది. దానికి కారణం టాక్సొకారా కేనిస్ అనే ఏలికపాము. దీని జీవితచరిత్ర తెలిస్తే, దానికి ఎక్కడ అడ్డుకట్ట వెయ్యాలో కూడా తెలిసిపోతుంది.

తల్లికుక్క కండరాల్లో ఈ పురుగు లార్వాలు ఏళ్ళ తరబడి నిద్రపోతూ ఉంటాయి. కుక్క చూలుతో ఉన్నప్పుడు, చివరి రోజుల్లో, అవి మేలుకుని మాయగుండా కడుపులోని పిల్లల్లోకి చేరతాయి. కొన్ని పాలద్వారా కూడా వస్తాయి. అంటే కుక్కపిల్ల మట్టి నాకకముందే, పుట్టుకతోనే, పురుగులు తెచ్చుకుంటుందన్నమాట! మూడు వారాలు వచ్చేసరికి అవి పేగుల్లో పెద్దవై గుడ్లు పెట్టడం మొదలెడతాయి. ఒక్క ఆడపురుగే రోజుకు లక్ష దాకా పెడుతుంది. బానపొట్ట, నిగనిగ లేని బొచ్చు, వాంతిలో ఉడికిన సేమ్యాలాంటి పురుగులు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. అయితే పైకి ఏమీ కనిపించని పిల్లల్లోనూ పురుగులుంటాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మలంతో అప్పుడే పడిన గుడ్డు మనల్నేమీ చెయ్యదు. దానిలో లార్వా తయారు కావడానికి మన ఎండల్లో సుమారు రెండు వారాలు, చల్లనిచోట ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ తర్వాత మాత్రం మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. కాబట్టి అసలు ప్రమాదం కుక్కను నిమరడంలో కాదు, పాత మలం కలిసిన మట్టిలో ఉంది.

ఆ మట్టి చేతులద్వారానో, కడగని ఆకుకూరలద్వారానో నోట్లోకి వెళితే గుడ్డు పేగులో పగులుతుంది. లార్వాకు మనిషి సొంత ఇల్లు కాదు. పెద్దపురుగు కాలేదు, ఊరికే ఉండనూలేదు. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతుంది. చాలామందికి ఏమీ తెలియకుండానే పోతుంది. కొందరు పిల్లలకు జ్వరం, దగ్గు వస్తాయి. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు పెరుగుతాయి. పురుగు మనిషిలో గుడ్లు పెట్టదు గనక మలపరీక్షలో ఏమీ దొరకదు. రక్తపరీక్షే గతి.

లార్వా కంట్లోకి చేరితే మరీ కష్టం. ఒక కంటికి చూపు తగ్గుతుంది, లేదా మెల్ల వస్తుంది. 1950లో హెలెనార్ వైల్డర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు, చాలావరకు కాన్సరనే అనుమానంతో తీసేసిన పిల్లల కళ్ళు 46 పరీక్షించగా, 24 కళ్ళలో పురుగు లార్వాల జాడలు కనిపించాయి. తర్వాత వాటిలో కొన్ని టాక్సొకారావే అని తేలింది.

ఇక నివారణ సంగతి. హాస్టలు మెట్లకింద జూన్ 1న ఒక కుక్క ఈనిందనుకుందాం. ఊరుకుంటే జూన్ 21 ప్రాంతానికి పిల్లల మలంలో గుడ్లు పడతాయి. జూలై మొదటివారానికి ఆ ఇసుకలో అవి విషమై కూర్చుంటాయి. వాచ్‌మన్ పిల్లలు ఆడుకునేది అక్కడే! అందుకే మొదటి మందు జూన్ 15న, అంటే గుడ్లు పడకముందే, వెయ్యాలి. మళ్ళీ జూన్ 29, జూలై 13, జూలై 27న వెయ్యాలి. ఆపైన ఆరునెలలు నిండేదాకా నెలకొకసారి. తల్లికీ పిల్లలతోబాటే వెయ్యాలి. సాధారణంగా వాడే పైరాంటెల్ మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. పిల్లను తూచి పశువైద్యుణ్ణి అడిగి వెయ్యడం మంచిది. ఇన్నిసార్లెందుకంటారా? ఈ మందు పేగులో ఉన్న పురుగుల్నే పడగొడుతుంది. దారిలో ఉన్న లార్వాల జోలికి పోదు. అవి పేగుకు చేరినప్పుడల్లా మళ్ళీ వెయ్యవలసిందే. తల్లి కండరాల్లో నిద్రపోయేవాటినీ అది తాకదు గనక, వచ్చే ఈతకు కథ మళ్ళీ మొదలు.

రెండో పని, మలాన్ని ఏరోజుకారోజు ఎత్తి మరుగుదొడ్డిలో పారెయ్యడం. గుడ్డు పండే వ్యవధి ఇవ్వకపోవడమే దీని రహస్యం. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. కుక్కల కొంకిపురుగు లార్వా వారంరోజుల్లో తయారై, ఒట్టికాళ్ళతో తడిమట్టి తొక్కినవారి చర్మంలో దూరుతుంది. రోజుకు కొంచెం కొంచెంగా పాకే వంకరటింకర ఎర్రగీత, భరించలేని దురద దాని గుర్తులు. చెప్పులేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఫినాయిలు చల్లితే సరిపోతుందనుకోకండి. ఏలికపాము గుడ్డు పెంకు దానికి లొంగదు. సిమెంటు నేలయితే గీకి, సలసల కాగే నీళ్ళు పొయ్యాలి. సబ్బు కూడా గుడ్డును చంపదు, కాని జిగటగా అంటుకున్నదాన్ని వదిలించి నీళ్ళతో పంపేస్తుంది. అందుకే భోజనానికి ముందు గోళ్ళసందులు కూడా రుద్ది కడుక్కోవాలి.

కుక్క ఒంటిమీద గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు రాలుతోంటే మాత్రం నిమరకుండా ముందు వైద్యుడికి చూపించండి. అది తామరైతే ముట్టుకుంటేనే అంటుకుంటుంది. అది పరిచే గోనెపట్టా ఉతికి ఎండలో ఆరెయ్యండి. ఇంట్లో ఎవరికైనా చర్మంమీద గుండ్రటి మచ్చ లేస్తే కుక్కకూ మనిషికీ ఒకేసారి మందు వాడాలి. ఒకరికే వాడితే రెండోవారినుంచి మళ్ళీ వస్తుంది.