మానసిక సెలవు: కారణం ఎవరికి చెప్పాలి?

కంపెనీ మానసిక ఆరోగ్య సెలవు ప్రకటిస్తే ముందు అది ఎవరికి వర్తిస్తుందో చూడండి. ప్రొబేషన్‌లో ఉన్నవారు, కాంట్రాక్టు ఉద్యోగులు తరచూ బయటే ఉండిపోతారు. ప్రైవేటు కంపెనీలు ఈ సెలవు ఇచ్చి తీరాలనే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. షరతులన్నీ యాజమాన్యం రాసుకున్నవే.

అసలు చిక్కు గోప్యత దగ్గర. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు బయటపెట్టకూడదన్న బాధ్యతను వైద్య సిబ్బందిపై పెట్టింది. మీ మేనేజర్ ఆ జాబితాలో లేరు. సర్టిఫికెట్ నేరుగా హెచ్‌ఆర్‌కే ఇవ్వండి. టీమంతా చూసే క్యాలెండర్‌లో ‘సెలవు’ అని మాత్రమే కనిపించాలి. కారణం కూడా కనిపిస్తే ఇక దాచడానికేముంది?

‘రెండు రోజులు రాలేనండీ’ అని మెసేజ్ వస్తే, ‘అలాగే, మీ పని ఎవరికి అప్పగించమంటారు?’ అంటే చాలు. ‘ఏమైంది?’ అని మేనేజర్ ఆరా తీయకూడదు. ఈ సెలవు అప్రైజల్‌లో లెక్కకు రాదని విధానంలో రాసి ఉందా? లేకపోతే హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.