ఆరు మీటర్ల పైపుకో లెక్క

ఇనుప పైపుల కొట్లో ఒక లెంగ్త్ అంటే మామూలుగా ఆరు మీటర్లు. ఓ రెయిలింగు పనికి 2.4 మీటర్ల ముక్కలు 24, 1.75 మీటర్లవి 40 కావాలనుకుందాం. ఎక్కువమంది ముందు పొడవు ముక్కలు కోసేస్తారు. లెంగ్తుకు రెండు చొప్పున వాటికి 12 లెంగ్తులు పడతాయి. ప్రతి లెంగ్తులోనూ 1.2 మీటర్లు మిగులుతుంది కానీ అందులో పొట్టి ముక్క రాదు. ఆ తర్వాత పొట్టివి లెంగ్తుకు మూడేసి కోస్తే ఇంకో 14 కావాలి. మొత్తం 26.

అదే పని 22తో అయిపోతుంది. ఒక పొడవు ముక్క, రెండు పొట్టివి కలిస్తే 5.9 మీటర్లు. ఇలా 20 లెంగ్తులు కోస్తే పొట్టివన్నీ వచ్చేస్తాయి. పొడవువి ఇంకా నాలుగు కావాలి, వాటికి రెండు లెంగ్తులు చాలు. ముక్కలన్నిటి పొడవు 127.6 మీటర్లు. 21 లెంగ్తులంటే 126 మీటర్లే కాబట్టి 22 కన్నా తగ్గించడం ఎవరివల్లా కాదు. మిగులు మాత్రం 28.4 మీటర్ల నుంచి 4.4కి దిగింది.

ఇక్కడ సైజులు రెండే కనుక కాగితం మీద తేలిపోయింది. సైజులు ముప్ఫై, నలభై అయితే ఒక్క లెంగ్తును కోయడానికే లక్షలు, కోట్ల నమూనాలు పుట్టుకొస్తాయి. అన్నీ రాసుకుని చూడటం కంప్యూటరుకూ భారమే.

దారి లెనిన్‌గ్రాడ్‌లో దొరికింది. అక్కడి గణితవేత్త లియొనిద్ కంతరోవిచ్ దగ్గరికి ప్లైవుడ్ పరిశ్రమవాళ్లు యంత్రాలకు పని పంచే చిక్కు ఒకటి పట్టుకొచ్చారు. దాన్ని విప్పుతూ ఆయన రాసిన చిన్న పుస్తకం 1939లో వచ్చింది. తక్కువ వృథాతో కోయడం ఎలాగన్నదీ అందులో ఒక అంశమే. తర్వాత జ్యామితి నిపుణుడు విక్టర్ జల్‌గాలర్‌తో కలిసి ఆ పద్ధతిని లెనిన్‌గ్రాడ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో అమలు చేశారు. 1951లో ఇద్దరూ దాని మీద పుస్తకం ప్రచురించారు. వృథా తగ్గేసరికి ఫ్యాక్టరీ ఏటా అప్పజెప్పాల్సిన తుక్కు ఇనుము కోటా నిండక యాజమాన్యం ఇరుకున పడిందని ఓ కథ కూడా చెప్పుకుంటారు.

ఆ పద్ధతికి ఆయువుపట్టు ఒక్కో ముక్కకు ధర కట్టడం. ధర రూపాయల్లో కాదు, లెంగ్తుల్లో. మొదట పొడవువి రెండేసి, పొట్టివి మూడేసి విడివిడిగా కోస్తున్నామనుకోండి. అప్పుడు పొడవు ముక్క ధర అర లెంగ్తు, పొట్టిదానిది మూడో వంతు. ఈ ధరల్లో ఒక పొడవు, రెండు పొట్టి ముక్కల విలువ ఒకటీ ఆరో వంతు లెంగ్తు. వాటికి ఖర్చయ్యేది ఒక్క లెంగ్తే. అంటే ఈ నమూనా లాభసాటి, లెక్కలోకి తీసుకోవాలి. తీసుకున్నాక ధరలు మారతాయి. పొడవుది అరలోనే ఉంటుంది, పొట్టిది పావుకు పడిపోతుంది. ఇప్పుడు ఏ నమూనా విలువా ఒకటి దాటదు. ఇక వెతకక్కర్లేదు.

1961లో ఐబీఎం పరిశోధకులు పాల్ గిల్మోర్, రాల్ఫ్ గొమోరి దీన్ని కంప్యూటరుకు లొంగదీశారు. నమూనాలన్నీ ముందే రాసిపెట్టుకోరు. ధరలు తేలిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వేస్తారు: ఈ ధరల్లో ఒక లెంగ్తు నుంచి అత్యధిక విలువ ఏ నమూనా ఇస్తుంది? బరువు మించకుండా సంచిలో అత్యంత విలువైన సామాన్లు సర్దడం లాంటి చిక్కు ఇది. జవాబు ఒకటి దాటితే ఆ నమూనాను చేర్చి మళ్లీ ధరలు కడతారు, దాటకపోతే ఆగిపోతారు. కోట్ల నమూనాల్లో చూడాల్సి వచ్చేవి కొన్నే. కాగితం మిల్లుల్లో పెద్ద చుట్టలను కావలసిన వెడల్పులకు కోయడానికి ఇది బాగా పనికొచ్చింది.

చిక్కులు లేకపోలేదు. లెక్క ఒక్కోసారి ఫలానా నమూనాను 7.4 సార్లు కోయమంటుంది. పైకి సవరించి ఎనిమిది చేస్తే వేల చుట్టలు కోసే మిల్లుకు పట్టదు, పది లెంగ్తులతో పని ముగించే షెడ్డుకు మాత్రం తేడా తెలుస్తుంది. కోత మందం ఇంకో చిక్కు. ఆరు మీటర్లలో 1.2 మీటర్ల ముక్కలు సరిగ్గా ఐదు రావాలి కదా! చక్రం మందం 3 మిల్లీమీటర్లయితే నాలుగు కోతలకు 12 మిల్లీమీటర్లు పొడి అయిపోతుంది, ఐదోది 1,188 మిల్లీమీటర్లే వస్తుంది. అందుకే లెక్కలో ముక్కను 1,203గా, లెంగ్తును 6,003గా వేసుకోవాలి. అప్పుడు నాలుగే పడతాయని ముందే తెలుస్తుంది.

మిగులంతా ఒకలాంటిది కాదు కూడా. రెయిలింగు పనిలో మిగిలిన 4.4 మీటర్లలో రెండు ముక్కలు ఇంచుమించు 1.2 మీటర్లవి. వాటిని రేపటి పనికి గోడవార ఆనించి పెట్టుకోవచ్చు. పది సెంటీమీటర్లలోపు తునకలు ఇరవై మాత్రం తుక్కుకే. అందుకే కటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఎంత పొడవు దాటిన ముక్కను దాచుకోవాలో ముందే అడిగి, అంతకన్నా పొట్టివాటినే వృథా కింద లెక్కిస్తాయి.