కరెంటు బిల్లు కట్టలేదని సూటిగా చెప్పాలి

ఆటోపే పెట్టుకున్నాక కరెంటు బిల్లు సంగతి మరిచిపోతాం. బిల్లు 1,386 రూపాయలు, ఖాతాలో ఉన్నది 1,140 అనుకుందాం. బ్యాంకు ఉన్నంతవరకు కట్టదు, మొత్తం చెల్లింపే ఆగిపోతుంది. అప్పుడు ఫోనుకు ‘లావాదేవీ విఫలమైంది’ అని ఒక ముక్క వస్తుంది. ఏ బిల్లు? డబ్బు పోయిందా? ఏమీ తెలియదు.

అదే సందేశం ఇలా ఉండాలి: ‘మీ కరెంటు బిల్లు రూ.1,386 ఈరోజు కట్టలేకపోయాం. ఖాతాలో రూ.246 తక్కువైంది. బిల్లు కోసం మీ డబ్బేమీ తీసుకోలేదు. మేం మళ్లీ ప్రయత్నించం. గడువు 15వ తేదీ, ఆలోగా మీరే కట్టండి.’

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ‘మళ్లీ ప్రయత్నించం’ అన్న మాట. కొన్ని చెల్లింపులను రెండోసారీ ప్రయత్నిస్తారు. ఆ సంగతి చెప్పకపోతే, కంగారులో మనం చేత్తో కట్టేస్తాం, తర్వాత ఖాతా నుంచి మళ్లీ డబ్బు పోతుంది. అందుకే ప్రయత్నించేదుంటే తేదీతో సహా చెప్పాలి. చెల్లింపు తిరిగొచ్చినందుకు బ్యాంకు రుసుము వేస్తే అదీ అక్కడే రాయాలి.

లింకు మాత్రం వద్దు. ‘ఈ రాత్రికే కరెంటు కట్’ అంటూ మోసగాళ్లు పంపేవీ అలాంటి సందేశాలే. యాప్ తెరిచి చూసుకోమంటే చాలు.