తిరిగి వస్తానని రాసిచ్చే ముందు

బోధన్ దగ్గర బీడీలు చుట్టే కుటుంబంలో పుట్టి, ఎం.ఎస్.డబ్ల్యూ. వరకు చదువుకున్న ఒక అమ్మాయి ఆమధ్య మా దగ్గరికి వచ్చింది. నాలుగేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో క్షయ రోగుల మధ్య పనిచేస్తోంది. అమెరికాలో ప్రజారోగ్యం చదవడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెడుతోంది. దరఖాస్తుతోపాటు పంపవలసిన ఉద్దేశ లేఖను మా చేతికిచ్చి, "ఒక్కసారి చూసి చెప్పండి" అంది.

చదివాం. "మాతృదేశానికి, నా సమాజానికి సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల. చదువు పూర్తికాగానే తప్పక తిరిగివచ్చి పేదల ఆరోగ్యం కోసం నా జీవితాన్ని అంకితం చేస్తాను" అని ఉంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ కాగితం మీద ఆమె పేరు కొట్టేసి ఇంకెవరి పేరు రాసినా సరిపోతుంది. తిరిగి రావాలన్న షరతుతో డబ్బిచ్చేవారు ఇటువంటి వాక్యాలు వందల లేఖల్లో చదివి ఉంటారు. వారు వెదికేది కల గురించి కాదు. ఈమె తిరిగి రావడానికి ఇక్కడ ఒక చోటు, ఒక పని ఎదురుచూస్తున్నాయా అన్నది వారికి కావాలి.

"లేఖ సంగతి తర్వాత. ముందు నువ్వు ఒప్పుకోబోతున్న షరతు ఏమిటో చెప్పు" అన్నాం. "రెండేళ్లు ఇండియాలో పనిచేయాలి" అంది. చాలామంది అలాగే అనుకుంటారు. అసలు షరతు అది కాదు.

షరతు ఏమంటుంది?

ఈ ఫెలోషిప్ మీద వెళ్లేవారికి జె-1 అనే వీసా ఇస్తారు. అమెరికా వలస చట్టంలోని 212(ఇ) సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ ధనంతో ఆ వీసా మీద చదివినవారు స్వదేశంలో మొత్తం రెండేళ్లు ఉండాలి. అది పూర్తయ్యేవరకు వారికి అమెరికాలో ఉద్యోగం చేసుకునే హెచ్ వీసా గానీ, కంపెనీ బదిలీ మీద వెళ్లే ఎల్ వీసా గానీ, గ్రీన్‌కార్డు గానీ రావు. అక్కడికి వెళ్లాక వీసా రకం మార్చుకున్నా, మళ్లీ విద్యార్థి వీసా మీద వెళ్లినా ఈ బాకీ తీరదు, అలాగే మిగిలి ఉంటుంది.

గమనించండి, చట్టం 'ఉండాలి' అంటుంది, 'పనిచేయాలి' అనదు. ఫలానా ఊళ్లో అనీ, పేదల మధ్య అనీ అసలే అనదు. తిరిగివచ్చి హైదరాబాద్‌లో పెద్ద జీతానికి చేరినా చట్టం దృష్టిలో షరతు నెరవేరినట్టే. ఇంకోవైపు, వేరే దేశంలో గడిపిన రోజులు ఈ లెక్కలోకి రావు. ఈ అమ్మాయి 2028 జూలై 1న తిరిగివచ్చిందనుకుందాం. మధ్యలో దుబాయ్‌లోని అన్న దగ్గర మూడు నెలలు ఉండి వస్తే, ఆమె రెండేళ్లు 2030 జూన్ చివరికి పూర్తికావు, సెప్టెంబర్ చివరి దాకా సాగుతాయి.

మినహాయింపు అడిగే దారులు చట్టంలో లేకపోలేదు. మన ప్రభుత్వం 'మాకు అభ్యంతరం లేదు' అని రాసిచ్చే దారి చాలామంది విని ఉంటారు. కానీ అమెరికా ప్రభుత్వ ధనంతో చదివినవారికి ఆ దారిలో మినహాయింపు దొరకడం బహు అరుదు. దాన్ని నమ్ముకుని సంతకం పెట్టేవారు ముందే మాట తప్పే ఆలోచనతో ఉన్నట్టు.

మన ప్రభుత్వ సంస్థలు రాయించుకునే బాండ్లు వేరే తీరులో ఉంటాయి. వాటిలో ఇన్నేళ్లు ఫలానా చోట పనిచేయాలి, లేకపోతే ఇంత సొమ్ము కట్టాలి అని ఉంటుంది. జామీనుగా తండ్రో, మేనమామో సంతకం చేయాలి. కనుక ఏ స్కాలర్‌షిప్ అయినా నాలుగు సంగతులు విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. ఎన్నేళ్లు? ఏ తేదీ నుంచి? ఎక్కడ ఉంటే లెక్క? తప్పితే ఏమవుతుంది, ఎవరి మీద పడుతుంది? ఇవి తెలియకుండా రాసిన లేఖలో 'కట్టుబడి ఉంటాను' అన్న మాటకు బరువుండదు.

ఇంట్లో తేలవలసిన మాట

ఆ అమ్మాయి ఇంట్లో అప్పటికే ఒక సంబంధం మాట నడుస్తోంది. అబ్బాయి డల్లాస్‌లో హెచ్-1బి మీద ఉన్నాడు. "చదువూ అక్కడే, పెళ్లయ్యాక కాపురమూ అక్కడే. ఇంతకంటే ఏం కావాలి బేటీ" అని తండ్రి సంతోషిస్తున్నారు.

చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. హెచ్-1బి ఉద్యోగి భార్యకు ఇచ్చేది హెచ్-4. అదీ హెచ్ వీసాయే. కాబట్టి ఈ ఫెలోషిప్ మీద చదివి వచ్చిన అమ్మాయి, స్వదేశంలో రెండేళ్లు నిండేదాకా భార్యగా కూడా ఆ వీసా మీద వెళ్లలేదు. పెళ్లి చేసుకోవచ్చు, నిషేధమేమీ లేదు. కాపురానికి మాత్రం ఆగాలి. ఈ సంగతి నికాహ్ తర్వాత తెలిస్తే రెండు కుటుంబాల మధ్య ఎంత చేదు మిగులుతుందో వేరే చెప్పాలా?

ఆ సాయంత్రం తండ్రిని కూడా పిలిపించి కూర్చోబెట్టాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే దరఖాస్తు వద్దంటారా?" అని చివరికి అడిగారు. వద్దని మేము అనలేదు. చదువు ఒకటి రెండేళ్లు, ఆ తర్వాత రెండేళ్లు, మొత్తం మూడు నాలుగేళ్ల మాట ఇది. అవతలివారికి ముందే చెప్పి, వారు ఒప్పుకుంటే సరి. ఒప్పుకోకపోతే ఏది కావాలో మీరే తేల్చుకోవాలి అన్నాం. వారం తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. "దరఖాస్తు పెడుతున్నాను. ఇక లేఖ రాద్దాం" అంది.

లేఖలో ఏం రాసింది?

మేము ఆమెను సేవ గురించి అడగలేదు. నీ రిజిస్టర్‌లో ఏముంది అని అడిగాం. తాను స్వయంగా చూసుకున్న 62 మంది రోగుల్లో 11 మంది మందు మధ్యలో మానేశారట. వారిలో ఏడుగురు మూడో నెలలోనే మానేశారు. మామూలు క్షయకు వైద్యం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. 'నయమైంది కదా' అని రోగి పనికి పోతాడు. ఈ ప్రాంతం నుంచి భివండీకి పోయేవారున్నారు, గల్ఫ్‌కు పోయేవారున్నారు. ఎవరు మానేస్తారో ముందే గుర్తుపట్టే పద్ధతి తమ సంస్థకు తెలియదని, మానేశాకే తెలుస్తోందని ఆమె చెప్పింది.

"ఇదే రాయి" అన్నాం. లేఖ ఇంగ్లీషులో రాసింది. దాని సారం ఇది.

మొదటి పేరాలో ఆ 11 మంది సంగతి. రెండో పేరాలో తనకు తెలియనిదేమిటో చెప్పింది. రోగుల వివరాలు రాయడం తనకు వచ్చు, కానీ వాటిలోంచి ఎవరికి ముప్పు ఎక్కువో లెక్కగట్టే విద్య రాదు. అందుకే ఎపిడెమియాలజీ, అంటే రోగాలు జనంలో ఎలా వ్యాపిస్తాయో లెక్కతో చదివే శాస్త్రం కావాలి. మూడో పేరాలో తిరిగివచ్చాక చేసే పని. తన సంస్థ సెలవు ఇస్తోంది, తిరిగి చేర్చుకుంటానంటోంది. మొదటి ఆరు నెలల్లో పాత రిజిస్టర్లు తిరగేసి, వైద్యం మొదలైన రోజునే అడగదగిన నాలుగైదు ప్రశ్నల పట్టిక తయారు చేస్తుంది. తర్వాత ఏడాదిపాటు రెండు మండలాల్లో దాన్ని వాడి, మూడో నెలలో మానేసేవారు తగ్గారో లేదో చూస్తుంది. మిగిలిన ఆరు నెలల్లో ఫలితాన్ని, మంచైనా చెడైనా, జిల్లా క్షయ అధికారికి అప్పగిస్తుంది.

రెండేళ్ల షరతు ఇప్పుడు రెండేళ్ల పనిగా మారింది. లేఖలో 'సేవ' అన్న మాట ఒక్కసారే వచ్చింది.

చేయలేనిది రాయకూడదు

మొదటి ప్రతిలో 'జీవితాన్ని అంకితం చేస్తాను' అని ఉంది కదా, అది తీసేయమన్నాం. పాతికేళ్ల మనిషి జీవితాంతానికి రాసిచ్చే మాటను ఎవరూ నమ్మరు. షరతు రెండేళ్లదైతే రెండేళ్లకు స్పష్టంగా రాసి, ఆపైన చేయాలనుకున్నది 'ఆశ' అని విడిగా చెప్పడం నిజాయితీ. అలాగే 'జిల్లా అంతటా క్షయను నిర్మూలిస్తాను' అన్నదీ పోయింది. అది ఆమె చేతిలో లేదు, రెండు మండలాల పట్టిక ఆమె చేతిలో ఉంది. 'నాకు అమెరికాలో ఉండాలన్న కోరిక ఏమాత్రం లేదు' అన్న వాక్యం కూడా తీసేశాం. అడగకుండా ఇచ్చే సంజాయిషీ అనుమానాన్నే పెంచుతుంది.

లేఖతో మిగతా కాగితాలు పొత్తు కుదరాలి. ఈ ఫెలోషిప్‌కు సంబంధిత రంగంలో కనీసం మూడేళ్ల పూర్తికాలపు ఉద్యోగానుభవం అడుగుతారు, ఉద్యోగంలో ఉన్నవారికి సెలవిస్తామని యజమాని సంతకం కావాలి. లేఖలో 'తిరిగి ఇదే సంస్థకు' అని రాసి, సెలవు కాగితం మీద సంతకం లేకపోతే మొత్తం లేఖ కూలిపోతుంది. నిబంధనలు ఏటా మారవచ్చు కనుక ఆ ఏటి ప్రకటనను స్వయంగా చదువుకోవాలి.

వడపోతలో నిలిచినవారిని ఇంటర్వ్యూకి పిలుస్తారు. "మీరు వచ్చేసరికి మీ సంస్థ మూతపడితే?" అని మేమే ఆమెను అడిగాం. కాసేపు తడబడింది. లేఖ చివర రెండు వాక్యాలు చేర్చింది. ఈ పట్టిక పని సంస్థ లేకపోయినా జిల్లా క్షయ కార్యక్రమంతో కలిసి చేయవచ్చు, అది తన రెండో దారి అని.

దరఖాస్తు వెళ్లింది. ఫలితం ఇంకా రాలేదు. పంపే ముందు రోజు రాత్రి తండ్రి ఆ లేఖను తెలుగులో చెప్పించుకుని విన్నారట. పెళ్లి మాట తెచ్చిన పెద్దమనిషికి మర్నాడే ఆయన ఫోన్ చేసి, "మా అమ్మాయి ఎంపికైతే చదివి వచ్చాక రెండేళ్లు ఇక్కడే ఉండాలి. అలా రాసిచ్చింది. అవతలివారికి ముందు ఈ మాట చెప్పి, తర్వాత మిగతావి మాట్లాడండి" అన్నారట.