ఆవకాయకి బూజు, మెసేజ్‌కి పాలిష్: మన మాట పోకుండా డ్రాఫ్ట్ ఎలా దిద్దుకోవాలి?

ఈ రోజు నేను పాడుచేసిన ఒక మెసేజ్ గురించి చెప్తాను. రాసింది మా పిన్ని, పాడుచేసింది నేను.

మా పిన్ని ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. మొన్న మే నెలలో ఒకే రోజు 40 సీసాల ఆవకాయ పార్సిల్ చేసింది. వారం తిరిగేసరికి ఇద్దరు ఫోన్ చేసి, పైన బూజు కనిపిస్తోందన్నారు. పిన్ని వెంటనే వాట్సాప్‌లో ఒక మెసేజ్ టైప్ చేసి, "ఒరేయ్, నువ్వు ఇంజినీరువి కదా, కొంచెం బాగా రాసి పెట్టు నాన్నా" అని నాకు పంపింది.

పిన్ని రాసింది ఇదీ:

"నమస్తే అండీ మొన్న 20వ తారీఖు పంపిన ఆవకాయ మరి కొన్ని సీసాల్లో బూజు వచ్చిందండీ తప్పు నాదే ఆ రోజు మబ్బు పట్టింది ముక్కలు తుడిచాం గానీ సరిగ్గా ఆరలేదు ఆర్డర్లు ఉన్నాయి కదా అని కలిపేశాను మరి. తినకండి పారేయండి. పసుపు స్టిక్కర్ వే అవి ఎర్ర స్టిక్కర్ కి ఏం కాలేదు. డబ్బులు కావాలంటే డబ్బులు లేదా మళ్ళీ ఆవకాయ పెట్టి పంపుతాను మరి"

చూడగానే నాకు ఇబ్బందిగా అనిపించింది. ఫుల్‌స్టాప్‌లు చాలాచోట్ల లేవు, మూడు "మరి"లు అనవసరం. పది నిమిషాల్లో నేను దాన్ని ఇలా మార్చాను:

"గౌరవనీయులైన కస్టమర్లకు నమస్కారం. నాణ్యతకు పెద్దపీట వేసే మేము, ఇటీవల సరఫరా చేయబడిన కొన్ని ఉత్పత్తులలో స్వల్ప లోపాన్ని గుర్తించడం జరిగింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. తగు చర్యలు చేపట్టడం జరుగుతోంది. మీ సహకారాన్ని కోరుతున్నాము."

ఎంత హుందాగా ఉందో అనుకున్నాను. పిన్ని కూడా "బాగుందిరా" అని అందరికీ పంపేసింది. రెండు రోజులు గడిచాయి. 40 మందిలో ముగ్గురే జవాబిచ్చారు. వాళ్ళలో ఒకావిడ దండం ఎమోజీ పెట్టింది. ఇంకొకావిడ, "ఏదైనా ఆఫర్ ఉందా అండీ?" అని అడిగింది. మూడో ఆవిడ మాత్రం ఫోన్ చేసి, "ఇది నువ్వు రాసిందేనా అమ్మాయీ? నాకేం అర్థం కాలేదు" అంది. అంటే ఆ బూజు పట్టిన సీసాలు ఇంకా జనం ఇళ్ళల్లోనే ఉన్నాయి, బహుశా కొందరు తింటున్నారు కూడా.

అప్పుడు నేను ఆఫీసులో చేసే పనే ఇక్కడా చేశాను. మేం కోడ్ మార్చినప్పుడు "డిఫ్" అని ఒకటి చూస్తాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏ లైను పోయింది, ఏ లైను వచ్చింది అని చూడటమే అది. మీ ఫోన్‌లో అయితే దిద్దడం మొదలుపెట్టే ముందే ఒరిజినల్‌ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. ఆ కాపీని ముట్టుకోకుండా, దిద్దడమంతా ఇంకో చోట చేయండి.

ఇప్పుడు మన డిఫ్ చూద్దాం. పోయినవి: 20వ తారీఖు, బూజు, మబ్బు, ఆరని ముక్కలు, "తప్పు నాదే", "తినకండి", పసుపు స్టిక్కర్, డబ్బులు. వచ్చినవి: నాణ్యత, పెద్దపీట, లోపం, అసౌకర్యం, చర్యలు, సహకారం. పోయినవాటిలో ప్రతిదీ కంటికి కనిపించేదో, చేతితో చేసేదో. వచ్చినవాటిలో ఏదీ కంటికి కనిపించదు. నేను పిన్ని గొంతు మాత్రమే తీసేశాననుకున్నాను కానీ, గొంతుతో పాటు సమాచారం కూడా పోయింది. ఎందుకంటే చాలాసార్లు మన గొంతు ఉండేది ఆ వివరాల్లోనే. "ఆర్డర్లు ఉన్నాయి కదా అని కలిపేశాను" అన్న మాట మా పిన్ని తప్ప ఇంకెవరూ రాయలేరు.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీరు దిద్దిన ప్రతి వాక్యాన్నీ వేరే వ్యాపారానికి తగిలించి చూడండి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నది ఆలస్యమైన రైలుకి సరిపోతుంది, కరెంటు కోతకి సరిపోతుంది, ఆవకాయకి కూడా సరిపోతుంది. అన్నిటికీ సరిపోయే వాక్యం మీది కాదు. "పసుపు స్టిక్కర్ ఉన్న సీసాలు" అన్నది ఇంకెక్కడా అతకదు, కాబట్టి అది ఉండాలి.

రెండోది, క్రియ చూడండి. తెలుగులో కార్పొరేట్ వాసన ఎక్కువగా వాక్యం చివర్లో వస్తుంది: "గుర్తించడం జరిగింది", "చేపట్టడం జరుగుతోంది", "సరఫరా చేయబడిన". ఇంట్లో ఎవరైనా "అన్నం తినడం జరిగింది" అంటారా? "తిన్నాను" అంటాం. "జరిగింది" అని రాస్తే చేసిన మనిషి మాయమైపోతాడు. "కలిపేశాను" అన్నప్పుడు మా పిన్ని అక్కడ నిలబడి ఉంది. "లోపాన్ని గుర్తించడం జరిగింది" అన్నప్పుడు అక్కడ ఎవరూ లేరు. క్షమాపణ చెప్పే మనిషే లేకపోతే ఎవరు క్షమిస్తారు?

అలాగని ఒరిజినల్‌ని ఉన్నదున్నట్టు పంపమని నేను చెప్పట్లేదు. అందులో నిజమైన సమస్యలున్నాయి. "తినకండి" అన్న అసలు మాట మధ్యలో ఎక్కడో ఉంది. వాక్యాలు కలిసిపోయాయి. "మరి" అన్నది పిన్ని నోట్లో బాగుంటుంది కానీ, రాతలో అడ్డం పడుతుంది. గొంతు నిలబెట్టుకోవడమంటే నత్తిని కూడా నిలబెట్టుకోవడం కాదు. అందుకే ఈసారి మూడు పనులే పెట్టుకున్నాను. మొదట వరస మార్చాను: చదివేవాళ్ళు వెంటనే చేయాల్సిన పని పైకి తెచ్చాను. తర్వాత పొడుగు వాక్యాలని విడగొట్టాను. చివర్లో చుక్కలు, కామాలు పెట్టాను. పదాల జోలికి మాత్రం, అర్థం కాకపోతే తప్ప, వెళ్ళలేదు.

ఇలా వచ్చింది:

"నమస్తే అండీ. మే 20న పంపిన ఆవకాయ తినకండి, పారేయండి. మూత మీద పసుపు స్టిక్కర్ ఉన్న సీసాలు అవి. ఎర్ర స్టిక్కర్ వాటికి ఏం కాలేదు. కొన్నిటికి బూజు వచ్చింది. పైపైన తీసేసి వాడకండి. తప్పు నాదే. ఆ రోజు మబ్బు పట్టింది, ముక్కలు తుడిచాం గానీ సరిగ్గా ఆరలేదు. ఆర్డర్లు ఉన్నాయి కదా అని కలిపేశాను. డబ్బులు కావాలంటే డబ్బులు వేస్తాను, ఆవకాయ కావాలంటే మళ్ళీ పెట్టి పంపుతాను. ఏది కావాలో చెప్పండి."

గమనించారా, ఇందులో నేను కొత్తగా చేర్చిన వాక్యాలు రెండే: "పైపైన తీసేసి వాడకండి", "ఏది కావాలో చెప్పండి". మొదటిది ఎందుకంటే చాలామంది ఇళ్ళల్లో అదే చేస్తారు. రెండోది ఎందుకంటే, జవాబు రాకపోతే పిన్నికి ఎవరికి ఏం పంపాలో తెలియదు. ఒక మార్పు ఉండాలంటే చదివేవాళ్ళకి ఏదైనా తేలిక కావాలి, లేదా తెలియనిది తెలియాలి. "హుందాగా ఉంటుంది" అన్నది కారణం కాదు.

పంపే ముందు పిన్నిని గట్టిగా చదవమన్నాను. ఇది కూడా మీరు చేయొచ్చు: వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, రాసింది చూసి చదవండి. ఎక్కడైతే మీరు ఆగి, నోటికొచ్చిన వేరే మాట అంటారో, అక్కడ రాసింది మీ మాట కాదు. నేను చేర్చిన "దయచేసి స్పందించగలరు" దగ్గర పిన్ని ఆగిపోయి, "ఏది కావాలో చెప్పండి అంటే పోలా?" అంది. అదే పెట్టాం.

ఆ సాయంత్రానికి 31 మంది జవాబిచ్చారు. పదకొండు మంది డబ్బులు అడిగారు, పిన్నికి అది చిన్న మొత్తం కాదు. మిగతా ఇరవై మందీ, "మళ్ళీ పెట్టినప్పుడే పంపు" అన్నారు. జవాబివ్వని తొమ్మిది మందికీ పిన్ని ఫోన్ చేసింది. అక్కడ నేను దిద్దడానికి ఏమీ లేదు.