429 వచ్చాక ఎంతసేపు ఆగాలి?

గోడౌన్‌లోని 5,000 వస్తువుల స్టాకు వివరాలను రాత్రికి రాత్రి ఎయిర్‌టేబుల్‌లోకి ఎక్కించాలని ఒక దుకాణంవాళ్లు ప్రోగ్రాం రాయించుకున్నారనుకుందాం. పని త్వరగా తెమలాలని పది వరసల్లో ఒకేసారి పంపిస్తారు. ఒక సెకను సాఫీగా సాగుతుంది. ఆ తర్వాత స్క్రీన్ నిండా ఒకటే మాట: `429 Too Many Requests`.

సర్వరు పాడవలేదు, నెట్ పోలేదు. వెబ్ ప్రమాణాల్లో 2012లో చేరిన ఈ కోడ్, రిక్వెస్టులు మరీ వేగంగా వస్తున్నాయని చెబుతుంది. ఎయిర్‌టేబుల్ ఒక్కో బేస్‌కు సెకనుకు 5 రిక్వెస్టులే తీసుకుంటుంది. అది దాటితే 30 సెకన్లు ఆగాల్సిందే. ఈలోగా ఏం పంపినా తిప్పికొడుతుంది.

అసలు నష్టం ఆ 30 సెకన్లలోనే జరుగుతుంది. 'ఫెయిలైతే మూడుసార్లు ప్రయత్నించు' అని ప్రోగ్రాంలో రాసి ఉంటుంది. ఒక్కో ప్రయత్నానికి 0.2 సెకను పడితే మూడూ 0.6 సెకనులో అయిపోతాయి. ప్రోగ్రాం ఆ రికార్డులను వదిలేసి ముందుకు పోతుంది. ఈ లెక్కన ఒక్కో వరస 30 సెకన్లలో 50 రిక్వెస్టులు పోగొట్టుకుంటుంది, పది వరసలు కలిసి 500. రిక్వెస్టుకు 10 రికార్డుల చొప్పున పంపిస్తే 5,000 వస్తువులకు కావాల్సినవి సరిగ్గా 500 రిక్వెస్టులే! తెల్లారి చూస్తే ప్రోగ్రాం 'పూర్తయింది' అంటుంది, టేబుల్‌లో మాత్రం ఆ తొలి సెకనులో ఎక్కిన కొన్ని రికార్డులే కనిపిస్తాయి.

అవే ప్రయత్నాలను దూరం దూరంగా చేయడమే బ్యాక్ఆఫ్. ఫెయిలైన ప్రతిసారీ విరామాన్ని రెట్టింపు చేస్తారు: 1, 2, 4, 8, 16 సెకన్లు. మొత్తం 31. అయిదో ప్రయత్నం వెళ్లేసరికి 30 సెకన్ల గడువు దాటిపోతుంది. ఎంతసేపు ఆగాలో సర్వరే `Retry-After`లో చెబితే ఇంకా మేలు, ఆ అంకెనే పాటించాలి.

ఇంకో చిక్కుంది. పది వరసలూ ఒకేసారి ఆగితే ఒకేసారి లేస్తాయి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ప్రతి విరామానికీ కొంత యాదృచ్ఛిక సమయం కలుపుతారు. దీన్ని జిట్టర్ అంటారు. 1970ల్లో ఈథర్‌నెట్ తయారుచేసినవాళ్లు, ఒకే తీగ మీద కంప్యూటర్ల సందేశాలు ఢీకొంటుంటే, యాదృచ్ఛికంగా ఆగి మళ్లీ పంపే పద్ధతినే వాడారు.

అయితే బ్యాక్ఆఫ్ వేగాన్ని పెంచదు. సెకనుకు 5 చొప్పున 500 రిక్వెస్టులకు ఎలాగూ 100 సెకన్లు కావాలి. కాబట్టి ముందే రిక్వెస్టుల మధ్య పావు సెకను ఎడం పెట్టి ఒకే వరసలో పంపిస్తే రెండు నిమిషాల పైచిలుకులో పని ముగుస్తుంది, 429 దాదాపు రాదు.

ప్రతి ఎర్రర్‌కూ మళ్లీ ప్రయత్నించడమూ తప్పే. 401 వస్తే లాగిన్ కీ తప్పు, ఎంత ఆగినా మారదు. జవాబే రాకుండా టైమౌట్ అయితే మరింత జాగ్రత్త కావాలి. రికార్డు అప్పటికే ఎక్కి ఉండొచ్చు, మళ్లీ పంపితే అదే వస్తువు రెండుసార్లు పడుతుంది. అందుకే వస్తువు కోడ్‌తో వెతికి, ఉంటే సవరించి, లేకపోతేనే కొత్తది చేర్చేలా రాయాలి.